ఎనిమిది మోటార్ల అర్జీ

మా ట్రాన్స్‌ఫార్మర్ పేలిన పొద్దున నేను మిరప చేలో వంగి కాయ కోస్తున్నాను. కరెంటు పోయి కాసేపటికి మళ్ళీ వచ్చింది. వచ్చిందో లేదో, దిగువ చేల నుంచి అడవి అంచు దాకా మోటార్లన్నీ ఒక్కసారే గుర్రుమన్నాయి. ఆ వెంటనే ఢామ్మని శబ్దం! చెట్ల మీది కొంగలు లేచిపోయాయి. నేను కోసిన కాయలన్నీ సాలులో పారబోసుకుని నిలబడ్డాను. గట్టు మీద స్తంభాల మధ్య నుంచి నల్లటి పొగ లేస్తోంది. కాలిన నూనె కంపు మా చేను దాకా కొట్టింది.

"అయిపాయె వదినా! మన కొంప మునిగె!" అంటూ పక్క చేలోంచి వదిన పరుగెత్తుకొచ్చింది.

ఆమెది మా పొలాలకి ఆనుకుని ఉన్న తండా. నన్ను వదినా అంటుంది, నేనూ ఆమెని వదినా అంటాను. ఏ వరసన అని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, మేమూ లెక్క కట్టుకోలేదు. భర్త పోయి రెండేళ్ళు దాటింది. కూతురు ఖమ్మంలో నర్సు చదువుతోంది. ఉన్నది ఆ ఒక్క చెక్క చేను, అందులో మిరప, ఆ మిరప మీదే ఏడాదంతా. రెండో కాపు పూత మీద ఉంది. ఆ దశలో మిరపకి తడి తప్పితే పూత పూతంతా రాలి సాళ్ళలో పరుచుకుంటుంది. రాలిన పూతని ఎవడూ మళ్ళీ అంటించలేడు. అందుకే ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఎందుకు పేలిందో మాకు తెలియక కాదు. మాకు ఇరవై నాలుగ్గంటల కరెంటు వచ్చాక ప్రతివాడూ స్టార్టరుకి ఆటోమేటిక్ పెట్టించుకున్నాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఎత్తుకుంటుంది, మనిషి చేనుకి రానక్కర్లేదు. అన్నీ ఒక్క క్షణంలో ఎత్తుకుంటే ఆ బరువు ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. అప్పుడు మధ్యలో ఫ్యూజు తీగ తెగిపోయి దాన్ని కాపాడాలి. మా వాళ్ళు దాన్ని తెగనిస్తేగా! మాటిమాటికీ ఫ్యూజు పోతోందని ఎవరో లావు అల్యూమినియం తీగ మెలేసి బిగించారు. ఎవరయ్యా అంటే ఎవరూ కాదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం.

మా మామగారు కర్ర పట్టుకుని వచ్చి, పొగ చూరిన ఆ డబ్బా ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయనకి అది ఇంటి మనిషి కింద లెక్క. కుర్రతనంలో కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చి, అడవి అంచున మెట్ట చెలక కొని, బావి మీద డీజిల్ ఇంజను పెట్టుకుని సాగు మొదలుపెట్టిన మనిషి. ఆ ఇంజను హ్యాండిల్ తిప్పీ తిప్పీ కుడిభుజం కాస్త ఎత్తుగా ఉండిపోయింది. ఈ ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఆయనా, తండాలో వదిన మామగారూ కలిసి ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు.

అది వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. నేను కాపురానికి వచ్చిన కొత్త. ట్రాక్టర్ ట్రక్కులో గడ్డి పరిచి, దాని మీద ట్రాన్స్‌ఫార్మర్‌ని నిలబెట్టి, అటొకరు ఇటొకరు పట్టుకుని, కొత్త పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చారు. మా అత్తగారు దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. తండా ఆడవాళ్ళు వాళ్ళ భాషలో పాటెత్తుకున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ నేనూ చప్పట్లు కొట్టాను. కొబ్బరికాయ కొట్టింది మామగారు. చిప్ప ఒకటి మాకు, ఒకటి తండాకి. ఆ రోజు పక్కన నిలబడి నా చేతిలో కొబ్బరిముక్క పెట్టిన పిల్ల కోడలే ఈ వదిన.

అప్పట్లో కరెంటు కొన్ని గంటలే. అన్ని మోటార్లూ ఒకేసారి వేస్తే లాగదని పెద్దవాళ్ళు వంతులు పెట్టారు. ఇవాళ పై చేలు, రేపు కింది చేలు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక గట్టు మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళం. మేము పులిహోర కట్టుకెళ్తే వాళ్ళు జొన్నరొట్టె, పచ్చిమిర్చి నూరిన కారం తెచ్చేవారు. ఆ కారం తిని నేను ఏడుస్తుంటే వదిన పడీపడీ నవ్వేది. "కోస్తా నాలుక వదినా నీది, ఉత్త మెతక" అనేది. ఎవరింట్లో ఎవరికి జ్వరం, ఎవరి గేదె ఈనింది, ఎవరి మొగుడు అలిగాడు, అన్నీ ఆ గట్టు మీదే తెలిసేవి. కరెంటు రాగానే అందరం ఒకే కేక వేసేవాళ్ళం. ఆ కేక తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తుంది, అబద్ధమెందుకు.

రోజంతా కరెంటు వచ్చాక వంతులు పోయాయి. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు గట్టునీ మర్చిపోయాం. ఆటోమేటిక్ ఉండగా చేనుకి ఎందుకు పోవాలి? మోటార్లు మటుకు పెరిగాయి. అయిదుండేవి ఎనిమిదయ్యాయి. ఆ పెరిగిన మూడింటికీ కరెంటు ఆఫీసులో సర్వీసు నంబరు లేదు. వాటిలో ఒకటి, వాళ్ళింట్లో పంపకాలయ్యాక కొత్తగా వేసుకున్న వదిన బోరుది. ఆమె భర్త బతికుండగా సర్వీసు కోసం దరఖాస్తు పెట్టాడు. అతను పోయాక ఆ కాగితం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది.

పేలిన రోజు మధ్యాహ్నానికల్లా లైన్‌మన్ వచ్చాడు. పక్క ఊరివాడే. పై లైనుకున్న స్విచ్ దించి, ఎర్తు తీగ కట్టిన కర్ర తగిలించి, అప్పుడు ఎక్కి చూశాడు. పింగాణీ గిన్నెల్లాంటివి నల్లగా పగిలాయి, నూనె కారిపోయింది. దిగి తల అడ్డంగా ఊపాడు.

"లోపల కాయిల్ మొత్తం పోయింది పెద్దయ్యా. ఇక్కడ అయ్యే పని కాదు. రిపేరు షెడ్డుకు పోవాలె, దీని బదులు వేరేది రావాలె. కంప్లయింట్ నేను రాయిస్త. కానీ మీరు కూడా అందరు కలిసి ఒక అర్జీ పెట్టుర్రి. పెద్ద సైజుది కావాలంటే కాయితం లేంది కాదు" అన్నాడు. ఫ్యూజు పెట్టెలో ఆ లావు తీగ చూసి, "ఇదెవరి ఘనకార్యం?" అన్నాడు. అందరం ఆకాశం వైపు చూశాం.

సాయంత్రం మా వసారాలో అర్జీ రాయడానికి కూర్చున్నాం. మాది పేరుకి సంఘం, దానికి పెద్ద మా మామగారు. చదువుకున్న కోడలు ఉంది కదా అని కలం నా చేతికొచ్చింది. మా ఆయన ఎరువుల కొట్టు మూసి వచ్చేసరికి చీకటి పడుతుంది, ఆ గొడవ ఆయనకి పట్టదు. మామగారు చెప్పడం, నేను రాయడం.

"అయ్యా, మేము అడవి అంచు పొలాల రైతులము. మా వ్యవసాయ మోటార్లకు కరెంటు ఇచ్చు ఇరవై అయిదు కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఈ రోజు ఉదయం కాలిపోయినది. మిరప, మొక్కజొన్న పంటలు నీరు లేక ఎండిపోవు స్థితిలో ఉన్నవి. కావున తమరు దయతో కాలిన దాని స్థానములో అరవై మూడు కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పించగలరు" అని ఆయన పాతకాలపు భాషలో సాగదీస్తుంటే అలాగే రాశాను. స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు వేశాను. కింద సర్వీసు నంబర్లు, ఒక్కో మోటారు అయిదు హెచ్‌పీ అని వేశాను. అయిదు మోటార్లు రాయగానే ఆయన, "చాల్లే, సంతకాలు పెట్టించు" అన్నారు.

గడప దగ్గర కూర్చున్న వదిన తల ఎత్తింది. "నాది రాయలేదేంది పెద్దయ్యా?"

"నీదానికి నంబరేదే? రాసిచ్చామంటే వాళ్ళే వచ్చి తీగ పీకేస్తారు. రాయకపోతే గుట్టుచప్పుడు కాకుండా నడుస్తుంది. నీ మంచికే చెబుతున్నా."

"మరి మన రెండో బోరు మోటారు సంగతేంటి మావయ్యా?" అని నేను అడిగేశాను. మాట నా నోట్లో నానదు. ఆయన కళ్ళెర్ర చేశారు. "నీ పని రాయడం. రాయి!"

వదిన చెంగు దులుపుకుని లేచి వెళ్ళిపోయింది. నాకు ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి అన్నం వడ్డించేటప్పుడు గరిటెల చప్పుడు కాస్త గట్టిగానే వినిపించాను.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టర్ ఎక్కి మండల కేంద్రంలోని సెక్షన్ ఆఫీసుకి వెళ్ళాం. వదిన పిలవకుండానే వచ్చి ట్రక్కులో ఓ మూల కూర్చుంది. ఆఫీసులో ఏఈ సీట్లో ఒక చిన్నపిల్ల ఉంది. మా ఆడపడుచు కూతురంత ఉంటుంది. అర్జీ చదివి, "అయ్యా అని రాసిన్రు, పర్లేదు" అని నవ్వింది. నేను నాలుక కరుచుకున్నాను. తర్వాత ఆ పిల్ల వేలు పెట్టి మోటార్ల మీదుగా కిందికి వచ్చింది.

"అయిదు మోటార్లు, మొత్తం ఇరవై అయిదు హెచ్‌పీ. ఇరవై అయిదు కేవీఏకి ఇది సరిపోయే లోడే. మీరు రాసింది నిజమైతే ఇది కాలొద్దు. పెద్దది ఇవ్వాల్సిన పని కూడా లేదు. అదే సైజుది పంపుతా."

మామగారు దగ్గారు. "అంటే అమ్మా, ఎండలు, ముందు ముందు అవసరాలు..." అని నసిగారు. అంత పెద్ద నోరున్న మనిషి అలా నసగడం నేనెప్పుడూ చూడలేదు.

"తాతా, నేను మీ మీద కేసు పెట్టనీకి అడుగుతలేను. నిజం లోడ్ తెలిస్తేనే నేను పైకి ఎస్టిమేట్ పంపగలను. లేకుంటే ఇరవై అయిదుది పెడతా, అది మళ్ళా కాలుతది, మీరు మళ్ళా వస్తరు."

తలుపు దగ్గర నిలబడ్డ వదిన ముందుకి వచ్చింది. చేతులు కట్టుకోలేదు, బతిమాలలేదు.

"ఇంకోటుంది మేడమ్. నాది. నంబరు లేదు. మా ఇంటాయన అర్జీ పెట్టిండు, సచ్చిపోయిండు. నేను నడుపుకుంటున్న. రాసుకోర్రి."

ఆ మాటతో తన చేనుకి తానే నీళ్ళు ఆపుకుంటోందని ఆమెకి తెలుసు. తెలిసే అంది. నేను మామగారి వైపు చూశాను. ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి నేల చూస్తున్నారు. కాసేపటికి తల ఎత్తారు.

"ఏడోది నాదేనమ్మా. రెండో బోరు."

వెనక నుంచి తండాలోని టీచరు, బడికి సెలవు పెట్టి వచ్చినవాడు, "ఎనిమిదోది మాది మేడమ్" అన్నాడు, హాజరు పలికినట్టు. ఆ పిల్లకి నవ్వాగలేదు, మాకూ ఆగలేదు. మామగారొక్కరే నవ్వలేదు.

ఏఈ తెల్లకాగితం నా ముందుకి తోసింది. అక్కడే బల్ల మీద అర్జీ మళ్ళీ రాశాను. ఎనిమిది మోటార్లు, నలభై హెచ్‌పీ. ఆ పిల్ల విడమరిచి చెప్పింది. కాలినదాని బదులు అదే సైజుది షెడ్డు నుంచి వెంటనే వస్తుంది. పెద్దది కావాలంటే ఎస్టిమేట్ డివిజన్‌కి పోవాలి, మంజూరు కావాలి, దానికి టైం పడుతుంది. నంబరు లేని మూడు మోటార్లకీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. పెద్దది వచ్చేదాకా ఆ మూడూ నడవకూడదు. ఆటోమేటిక్‌లు అందరూ పీకేయాలి, లోడు తగ్గేలా ప్రతి మోటారుకీ కెపాసిటర్ పెట్టాలి, ఫ్యూజుకి ఫ్యూజు తీగే వేయాలి.

"నేను మీ పంట ఎండబెట్టాలని కాదక్కా" అంది వదినతో, కొంచెం మెత్తగా. "మళ్ళీ కాలితే అందరివీ ఎండుతయి."

"అవ్ మేడమ్, సమజైంది" అంది వదిన. తిరుగు దారిలో, ఊరు దగ్గరపడ్డాక నా చెయ్యి పట్టుకుని, "పూత మీదున్నది వదినా, నా మిరప" అంది. అంతే.

మర్నాడు ఆఫీసు బండిలో ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. తన ట్రాక్టర్‌లోనే తెస్తానని మామగారు పట్టుబట్టారు గానీ, తేవలసింది తామేనని ఆఫీసువాళ్ళు ఒప్పుకోలేదు. దానికి ఆయన అలిగారు. అలిగినా పొద్దుటి నుంచీ గట్టు మీదే ఉన్నారు. పాతది దించి కొత్తది ఎక్కించి, నూనె చూసి, ఎర్తు తీగ బిగించి, ముందు లోడ్ లేకుండా చార్జ్ చేశారు. హమ్మ్ అని సన్నటి శబ్దం. పసుపు గిన్నెతో నేను ముందుకి పోతే లైన్‌మన్ గుండె బాదుకున్నాడు. "అమ్మా, దండం పెడ్త! ముట్టుకుంటే నీకే బొట్టు పెట్టాల్సొస్తది!" చివరికి స్తంభం మొదట్లో రాశాను. తర్వాత లైన్‌మన్ నంబరు లేని మోటార్లున్న మూడు చేలకీ వెళ్ళి, స్టార్టర్ల దగ్గర ఫ్యూజులు తీసుకుపోయాడు. వదిన తన డబ్బా తలుపు తానే తెరిచి పట్టుకుంది.

ఆ సాయంత్రం మామగారు అందర్నీ గట్టు మీదికి రమ్మన్నారు. "రేపట్నుంచి వంతులు. మునుపటిలాగే" అన్నారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, మన మొదటి బోరు నీళ్ళు ఆ తండా పిల్ల చేనుకి. మన గట్టు మీంచి పైపు వేయించు" అన్నారు.

"మరి మన పై చెక్కకి?" అన్నాను. దానికి నీళ్ళిచ్చే రెండో బోరు ఆగిపోయింది. మా కింది చేనుకి పోగా మిగిలే మొదటి బోరు నీళ్ళు దానికీ, వదిన చేనుకీ రెంటికీ చాలవు. ఏదో ఒకదానికే.

"దాన్ని వదిలేద్దాం."

నాకు తిక్క రేగింది. ఏం దాచుకోను? వదినంటే నాకు ప్రాణమే. కానీ ఆ పై చెక్కలో నారు నాటింది నా చేతులు, కలుపు తీసింది నా నడుము. "మొన్నేమో ఆమె మోటారే రాయొద్దన్నారు, ఇవాళేమో ఉన్న నీళ్ళన్నీ ధారపోయమంటున్నారు! మీకో న్యాయం, మాకో న్యాయమా?" అని అందరి ముందే అరిచాను.

ఆయన తిరిగి అరవలేదు. అదే నన్ను ఆపింది. "మనకి కింద ఇంకో చేనుందే. అబ్బాయికి కొట్టుంది. ఆ పిల్లకేముంది? ఆఫీసులో నాకంటే ముందు నోరు విప్పింది. నేనేమో పెద్దమనిషినై ఉండి దాని వెనకాల దాక్కున్నాను" అన్నారు. పైపు వేయించాను.

మా పై చెక్క నా కళ్ళముందే వాడింది. ముందు ఆకులు ముడుచుకున్నాయి, తర్వాత పూత. తెల్లటి పూలు సాళ్ళ నిండా రాలి ఉంటే అటు చూడలేక పక్క దారిన పోయేదాన్ని. గట్టుకి అవతల వదిన చేను మాత్రం పచ్చగా నిలబడింది. ఆమె కూడా అటూ ఇటూ చూసి కళ్ళొత్తుకునేది. "నీ చేను తాగి నా చేను బతికింది వదినా" అంది ఒకరోజు. "నోర్ముయ్, రొట్టె పెట్టు" అన్నాను.

ఎందుకంటే మళ్ళీ రొట్టెలు వచ్చాయి మరి! వంతులతో గట్టు వచ్చింది, గట్టుతో మనుషులు వచ్చారు. ఆటోమేటిక్‌లు పీకేశాక ఎవరి మోటారు వాళ్ళే వచ్చి వేయాలి, వంతు అయ్యాక వాళ్ళే ఆపాలి. ఎన్నేళ్ళుగానో పెళ్ళిళ్ళలో తప్ప కలవని వాళ్ళం రోజూ కలిశాం. టీచరు సెల్‌ఫోన్‌లో వార్తలు చదివి వినిపించేవాడు. మామగారు డీజిల్ ఇంజను రోజుల కథలు చెప్పేవారు. వాటిలో ఆయన తరిమిన అడవిపంది ప్రతిసారీ ఇంకొంచెం పెద్దదయ్యేది. "మొన్న దూడంత అన్నవ్ పెద్దయ్యా, ఇప్పుడు దున్నంత ఎట్లైంది?" అని వదిన నిలదీసేది. "పంది కదే, పెరగదూ?" అనేవారు ఆయన. నష్టపోయిన ఏడాది అది మాకు. అయినా నా కాపురంలో మంచి రోజులు చెప్పమంటే ముందు ఆ మాఘ ఫాల్గుణాలే చెబుతాను.

వదిన మిరప కోతకొచ్చింది. అంతకుముందే, మా కింది చేను కోతకి కూలీలు దొరక్క నేను తల పట్టుకుంటే, ఒక పొద్దున తండా ఆడవాళ్ళంతా చేలో దిగి ఉన్నారు. ఎవరు పిలిచారంటే చెప్పరు. కూలి ఇస్తానంటే వదిన కయ్యిమంది. "నీళ్ళకు కిరాయి అడిగినవా నువ్వు? అడగలే కద! ఇంక గమ్మునుండు." ఆమె చేను కోతకి నేను వెళ్ళాను. మధ్యాహ్నానికి చేతులు మండిపోయి మజ్జిగలో ముంచుకున్నాను. మెతక నాలుకే కాదు, మెతక చేతులు కూడానని తండా అంతా నవ్వింది.

వానలు పడ్డాక మంజూరు వచ్చింది. అరవై మూడు కేవీఏది వచ్చి కూర్చుంది. మూడు మోటార్లకీ సర్వీసులు వచ్చాయి. వదినకి ఆమె పేరు మీదే ఇచ్చారు. ఆ రోజు వదిన స్టార్టర్ డబ్బాకి బొట్టు పెట్టి, అందరికీ బెల్లం పంచింది. మంచిదే. కానీ పెద్దది వచ్చాక వంతులు అక్కర్లేకపోయాయి. గట్టు మీదికి వచ్చేవాళ్ళు మళ్ళీ పలచబడ్డారు. మామగారు మాత్రం రోజూ వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేవారు. ఒంటరిగా ఎందుకు మావయ్యా అంటే, "శబ్దం వింటున్నా. ఎనిమిదీ తిరుగుతున్నాయో లేదో" అనేవారు.

తర్వాతి మాఘమాసంలో ఆయన పోయారు. ఒక పొద్దున కాఫీ తాగి, పడక కుర్చీలో వాలి, అలాగే. ఆయన పద్ధతే అంత, ఎవరి చేతా చేయించుకోరు.

ఆయన్ని పొలం గట్టు పక్కనే దహనం చేశారు. అంతా అయ్యాక, ఇంటికి పోలేక నేను చేలో నిలబడ్డాను. ఏదో తేడాగా ఉంది. ఏమిటో కాసేపు తెలియలేదు. అడవిలోంచి పిట్టల కూతలు వినిపిస్తున్నాయి, ఎండుటాకులు దొర్లుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. పట్టపగలు మా పొలాల్లో అవి వినబడి ఎన్నేళ్ళయిందో. కరెంటు పోయిందనుకున్నాను.

వదిన చెట్టు కింద కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. "కరెంటు లేదా వదినా?" అని అడిగాను.

"ఉన్నది. అందరి దగ్గరికి పొయ్యి నేనే బంద్ చేయించిన. పెద్దయ్య పోయిననాడు మోటారు తిరుగుతదా?"

ఎండ మండిపోతోంది. అందరి మిరపలూ పూత మీద ఉన్నాయి. ఆమె చేనుకి ఆ రోజే తడి పెట్టాలని నాకు తెలుసు, ముందు రోజు సాయంత్రం ఆమే చెప్పింది.

"నీ పూత రాలుతుందే" అన్నాను.

"రాలనీ" అంది వదిన.

ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఆ రోజు పొద్దుగుంకేదాకా మా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎనిమిది మోటార్లలో ఒక్కటీ తిరగలేదు.